సెలవు రోజు రిమైండర్లు మోగకూడదంటే ముట్టుకోవాల్సింది షెడ్యూళ్లను కాదు

పండగ రోజు పొద్దున్నే 5 గంటలకు అలారం మోగితే తిట్టుకుంటూ ఆపేసి మళ్లీ పడుకుంటాం. అంతటితో పోతే పర్లేదు. కానీ చాలామంది నిద్రమత్తులో ఆ రోజుకి ఆపడం కాకుండా అలారాన్నే ఆఫ్ చేసేస్తారు, మర్నాడు అది మోగదు, ఎక్కాల్సిన రైలు వెళ్లిపోతుంది. ఇంకొంతమంది ముందు రాత్రే జాగ్రత్తగా ఒక్కో రిమైండర్ తెరిచి ఆఫ్ చేసుకుంటారు, పండగ అయ్యాక అందులో ఒకటి తిరిగి ఆన్ చేయడం మర్చిపోతారు, అదేదో పది రోజుల తర్వాత బయటపడుతుంది.

దీనికి మందు ఒక్కో షెడ్యూల్‌ను సరిచేసుకుంటూ పోవడం కాదు. షెడ్యూల్ ఎప్పుడూ మామూలు రోజు గురించే చెప్పాలి. మామూలుగా లేని రోజుల జాబితా వేరే చోట, ఒకే చోట ఉండాలి. మోగే ముందు రిమైండర్ ఆ జాబితాను ఒకసారి చూసుకోవాలి. ఐడియా ఇంతే, కానీ ఆ జాబితాను ఎలా రాస్తామన్న దాని మీదే మొత్తం నిలబడుతుంది, చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు కాబట్టి అది వివరంగా చెప్తాను.

ముందు, పాత పద్ధతి ఎందుకు కుదరదో చూద్దాం. క్యాలెండర్ యాప్‌లన్నీ దాదాపు ఒకే ఫార్మాట్‌ను అనుసరిస్తాయి, 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే ప్రమాణం అది. మీరు ఒక రిమైండర్‌ను సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 5:30కి పెట్టి, జనవరి 25న మాత్రం వద్దని తీసేస్తే లోపల ఇలా రాసుకుంటుంది:

```
DTSTART;TZID=Asia/Kolkata:20270104T173000
RRULE:FREQ=WEEKLY;BYDAY=MO,TU,WE,TH,FR
EXDATE;TZID=Asia/Kolkata:20270125T173000
```

రెండో వరస మీ షెడ్యూల్, మూడోది మినహాయింపు. మినహాయింపులో తేదీ ఒక్కటే కాదు, టైమ్ కూడా ఉందని గమనించారా? అది ఆ రిమైండర్ మోగే టైమ్‌తో అచ్చంగా సరిపోతేనే పని చేస్తుంది. రేపు మీరు 5:30ని 6 గంటలకు మార్చుకున్నారనుకోండి, ఆ యాప్ మినహాయింపులను కూడా దానితో పాటు జరపకపోతే, తీసేశామనుకున్న రోజులన్నీ మళ్లీ మోగడం మొదలవుతాయి. పైగా ఇది ఒక్క రిమైండర్ సంగతి. ఏడు రిమైండర్లుంటే ఒక్క సెలవుకి ఏడు చోట్ల ఇలా రాయాలి, ఆ సెలవు రద్దయితే ఏడు చోట్లా తుడవాలి. ఎవరూ చేయరు.

సరే, జాబితా వేరే పెడదాం అనుకుని అందరూ మొదట చేసే పని ఏంటంటే, "సెలవులు" అని ఒక క్యాలెండర్ తయారు చేసి పండగలు, లీవులు, ఊరెళ్లే రోజులు అన్నీ అందులో వేసేయడం. ఆ రోజు ఏదైనా ఈవెంట్ ఉంటే రిమైండర్లన్నీ బంద్. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత ఇంట్లోంచి వినిపిస్తుంది: "ఏమండీ, లీవు పెట్టింది మీరు, పిల్లలు కాదు. బాక్సులు కట్టాలి కదా!"

నిజమే కదా. లీవు మీ ఆఫీసుకి సంబంధించింది, పిల్లల బడికి దానితో పని లేదు. పండగకి ఆఫీసు, బడి రెండూ ఉండవు గానీ కార్పొరేషన్ నీళ్లు వస్తాయి, మోటారు వేయాలి. ఊరెళ్తే మోటారు అక్కర్లేదు, కానీ ఆఫీసు పని మీదే హైదరాబాద్ వెళ్లుంటే టైమ్‌షీట్ పంపాల్సిందే. బీపీ మాత్రకైతే ఏ సెలవూ లేదు. అంటే "ఈ రోజు ఏ రకం రోజు" అని అడగడంలోనే చిక్కుంది. పండగా, లీవా, ప్రయాణమా అన్నది మనిషి భాష, రిమైండర్‌కి అది పనికిరాదు. దానికి కావాల్సింది "నేను దేని కోసం మోగుతున్నానో, అది ఈ రోజు ఉందా లేదా" అన్న ఒక్క ముక్క.

కాబట్టి క్యాలెండర్లను రోజు రకం పేరుతో కాకుండా, ఆ రోజు ఏది మూతపడిందో దాని పేరుతో పెట్టుకోండి. మామూలు ఇంటికి మూడు చాలు: "ఆఫీసు లేదు", "బడి లేదు", "ఇంట్లో లేము". ఉగాది వస్తే మొదటి రెండింట్లో రాస్తారు. మీ లీవు మొదటిదాంట్లో మాత్రమే. కుటుంబమంతా తిరుపతి వెళ్తే మూడింట్లోనూ. ఆఫీసు టూర్ మీద మీరు ఒక్కరే వెళ్తే దేంట్లోనూ రాయక్కర్లేదు, ఇల్లు ఖాళీగా లేదు కదా. ("ఇంట్లో లేను" అని కాక "ఇంట్లో లేము" అని పెట్టమన్నది అందుకే.) అలాంటి టూర్లు నెలకోసారి ఉండేవాళ్లు మాత్రం "నేను ఊళ్లో లేను" అని నాలుగోది పెట్టుకోవచ్చు, మిగతావాళ్లకి అనవసరం.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. మా తోడల్లుడిది విజయవాడ సత్యనారాయణపురం, ఉద్యోగం గుంటూరు బ్రాడీపేటలో, రోజూ రైల్లో వెళ్లొస్తాడు. ఆఫీసుకి ఆదివారాలతో పాటు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, బ్యాంకుల్లాగే. ఫోన్లో ఉన్నవి ఇవి: సోమవారం నుంచి శనివారం వరకు పొద్దున 5కి నిద్రలేపే అలారం, రోజూ 6కి మోటారు, ఆదివారం తప్ప 6:30కి పిల్లల డైరీలో సంతకం, సాయంత్రం 5:30కి టైమ్‌షీట్, రోజూ రాత్రి 9కి బీపీ మాత్ర, నెలకోసారి 3వ తేదీన "ఖాతాలో ఈఎంఐకి డబ్బులున్నాయా చూడు" అని ఒకటి. టైమ్‌షీట్ "ఆఫీసు లేదు"ని చూస్తుంది. డైరీ "బడి లేదు"ని, మోటారు "ఇంట్లో లేము"ని చూస్తాయి. 5 గంటల అలారం రెండింటిని చూడాలి, ఆఫీసు ఉండి ఇంట్లో కూడా ఉంటేనే ఆ రైలు ఎక్కేది. మాత్ర దేన్నీ చూడదు. ఈఎంఐ సంగతి వేరే, దానికి తర్వాత వస్తాను.

డైరీ రిమైండర్ మొదట రాత్రి 8:30కి ఉండేది. దాన్ని పొద్దుటికి మార్చడానికి కారణం ఉంది. రాత్రి మోగేది నిజానికి రేపటి బడి గురించి, కాబట్టి అది ఈ రోజును కాదు, రేపటిని చూడాలి. ఈ రోజును చూస్తే ఆదివారం రాత్రి మోగదు, శనివారం రాత్రి అనవసరంగా మోగుతుంది. రేపటి ఈవెంట్లను చూసే ఏర్పాటు చేసుకోవచ్చు గానీ, టైమ్ జరపడం అంతకన్నా తేలిక. మీకున్న రాత్రి రిమైండర్లను ఒకసారి ఈ కంటితో చూడండి, ఇలాంటివి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి.

ఫోన్లో దీన్ని కట్టడం ఎలా? ఆండ్రాయిడ్‌లో ఫోన్‌తో వచ్చే గడియారం యాప్‌కి సాధారణంగా మన సొంత క్యాలెండర్‌ను చూసి ఆగే తెలివి ఉండదు. మనం పెట్టిన షరతులను బట్టి ఫోన్ చేత పనులు చేయించే టాస్కర్ గానీ మ్యాక్రోడ్రాయిడ్ గానీ కావాలి. టాస్కర్ డబ్బులు పెట్టి కొనాల్సిన యాప్, కానీ ఇలాంటి పనికి నేను దాన్నే వాడతాను. ముందు కంప్యూటర్ బ్రౌజర్లో గూగుల్ క్యాలెండర్ తెరిచి ఆ మూడు క్యాలెండర్లను తయారు చేయండి. తర్వాత ఫోన్లో క్యాలెండర్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కోదానికి సింక్ ఆన్ అయిందో లేదో చూడండి. ఈ అడుగు వదిలేసి "ఈవెంట్ కనిపిస్తోంది బ్రౌజర్లో, ఫోన్ మాత్రం పట్టించుకోవడం లేదు" అని గంటలు గంటలు కొట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇక టాస్కర్‌లో టైమ్‌షీట్ రిమైండర్‌కి ఒక `Profile` పెట్టి, టైమ్ 17:30, రోజులు సోమ నుంచి శని అని ఇచ్చి, దానికే `State` లో `Calendar Entry` అనే షరతు కలపాలి. అందులో క్యాలెండర్‌గా "ఆఫీసు లేదు" ఎంచుకుని `Invert` టిక్ పెట్టాలి. అంటే ఆ క్యాలెండర్‌లో ఇప్పుడు ఈవెంట్ ఏదీ నడవకపోతేనే మోగు, అని. 5 గంటల అలారానికి ఇలాంటి షరతులు రెండు కలిపితే రెండూ నిజమైతేనే మోగుతుంది. టైమ్‌ను 17:30 నుంచి 17:30 వరకు అని ఒకే నిమిషంగా ఇవ్వండి. 17:30 నుంచి 20:00 దాకా అని ఇస్తే ఇంకో తమాషా జరుగుతుంది: మధ్యలో ఏడింటికి ఈవెంట్ ముగిసిందనుకోండి, ఆ క్షణంలో షరతు నిజమై ఏడింటికి మోగుతుంది.

ఇదంతా ఒక్కసారి చేసే పని. ఆ తర్వాత టాస్కర్ మళ్లీ తెరవక్కర్లేదు, క్యాలెండర్లో ఈవెంట్ వేసుకోవడమే.

ఐఫోన్ ఉన్నవాళ్లు షార్ట్‌కట్స్ యాప్‌లో టైమ్‌తో నడిచే ఆటోమేషన్ పెట్టుకుని, `Find Calendar Events` తో ఆ క్యాలెండర్లో ఈ రోజు ఏమైనా ఉందా అని వెతికి, లెక్క సున్నా అయితేనే నోటిఫికేషన్ చూపించేలా చేయొచ్చు. అక్కడ ఒక గుంట ఉంది. వెతికేటప్పుడు చాలామంది "మొదలయ్యే తేదీ ఈ రోజు" అని షరతు పెడతారు. సోమవారం నుంచి బుధవారం దాకా ఒకే పొడుగాటి ఈవెంట్ వేస్తే దాని మొదలు సోమవారమే, మంగళవారం వెతికితే దొరకదు, రిమైండర్ మోగుతుంది. కాబట్టి ఐఫోన్‌లో రోజుకొక ఈవెంట్ చొప్పున విడివిడిగా వేయడం మంచిది. సోమవారం సరిగ్గా ఆగి మంగళవారం మోగిందంటే జబ్బు ఇదేనని గుర్తుపట్టండి.

ఇప్పుడు అసలు పరీక్ష. 2027 జనవరిలో రిపబ్లిక్ డే మంగళవారం వస్తుంది. 23వ తేదీ నాలుగో శనివారం, 24 ఆదివారం, మధ్యలో 25 సోమవారం ఒక్కటి లీవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. మా వాడు 22 శుక్రవారం రాత్రి 10 గంటలకు ఇల్లు వదిలి కుటుంబంతో తిరుపతి వెళ్లి, 27 బుధవారం తెల్లవారుజామున 4:30కి ఇంటికొచ్చి, పాపం అదే రోజు ఆఫీసుకి వెళ్లాలనుకుందాం.

"ఆఫీసు లేదు"లో నాలుగో శనివారం అప్పటికే ఉంటుంది, ఎందుకంటే నెల నెలా రెండో శనివారం, నాలుగో శనివారం వచ్చేలా రెండు ఈవెంట్లు ఎప్పుడో వేసుకున్నాడు. రిపబ్లిక్ డే కూడా సంవత్సరం మొదట్లో వేసినదే. కొత్తగా వేయాల్సింది 25న లీవు. "బడి లేదు"లో 26 ఉంటుంది, పిల్లలు కూడా వస్తున్నారు కాబట్టి 23, 25 కలపాలి, నాలుగో శనివారం వాళ్లకి బడి ఉంటుంది మరి. "ఇంట్లో లేము"లో ఒకే ఈవెంట్, 22 రాత్రి 10 నుంచి 27 తెల్లవారుజాము 4:30 దాకా. మొత్తం నాలుగు ఎంట్రీలు, రెండు నిమిషాలు కూడా పట్టదు. రిమైండర్లలో ఒక్కదాన్నీ తెరవలేదు.

చూడండి, ఆఫీసు, బడి ఈవెంట్లు రోజంతా ఉండేవి, ఇంటిది మాత్రం గంటలతో సహా వేసింది. ఇది కావాలని చేసిందే. ఆఫీసు రోజులో సగం మూతపడదు (హాఫ్ డే లీవు పెట్టేవాళ్లు దాన్ని కూడా గంటలతో వేసుకోవచ్చు). ఇల్లు అలా కాదు, శుక్రవారం రాత్రి 10 దాకా ఇంట్లోనే ఉన్నారు, ఆ రోజు పొద్దున మోటారు వేయాల్సిందే. "ఇంట్లో లేము"ని 22 నుంచి 27 దాకా రోజంతా అని వేస్తే అటు శుక్రవారం పొద్దున, ఇటు బుధవారం పొద్దున మోటారు రిమైండర్ రాదు, వచ్చీరాగానే ట్యాంకులో నీళ్లుండవు.

అనుకున్నట్టు జరిగితే 23 నుంచి 26 దాకా ఫోన్ మాత్రకి తప్ప నోరెత్తదు. 27న 5 గంటలకు అలారం, 6కి మోటారు, 6:30కి డైరీ, అన్నీ వాటంతట అవే మళ్లీ మొదలవుతాయి.

అనుకున్నట్టు జరగకపోతే? ఇక్కడే అందరినీ బోల్తా కొట్టించే తప్పు ఒకటి ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి. ఆండ్రాయిడ్‌లో రోజంతా ఉండే ఈవెంట్‌ను మన టైమ్‌లో కాకుండా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా అని దాచుకుంటారు. మన గడియారం యూటీసీ కన్నా 5:30 గంటలు ముందుంటుంది. ఈ సంగతి తెలిసిన యాప్ దాన్ని మన రోజుగా మార్చుకుని చదువుతుంది. తెలియని యాప్ ఉన్నదున్నట్టు చదువుతుంది, అప్పుడు జనవరి 26 సెలవు మనకి 26 పొద్దున 5:30కి మొదలై 27 పొద్దున 5:30కి ముగుస్తుంది.

మధ్యాహ్నం, సాయంత్రం రిమైండర్లకి దీనివల్ల తేడా ఏమీ తెలియదు. టైమ్‌షీట్ సరిగ్గానే ఆగుతుంది, మీరు అంతా బాగుందనుకుంటారు. 5 గంటల అలారం మాత్రం ఆ ఐదున్నర గంటల సందులో పడుతుంది. ఊరికి వెళ్లకుండా ఇంట్లోనే ఉన్నాడనుకుని ఆ నాలుగు రోజులనే మళ్లీ నడిపించండి. 23 శనివారం 5 గంటలకు సెలవు ఇంకా "మొదలవ్వలేదు", కాబట్టి మోగుతుంది. 24 ఆదివారం, అలారం ఎటూ లేదు. 25 సోమవారం లీవు, కానీ అదీ 5:30కి గానీ మొదలవ్వదు, మోగుతుంది. 26న సోమవారపు లీవు ఇంకా నడుస్తుంటుంది కాబట్టి మోగదు, అది సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. 27 బుధవారం, ఆఫీసు ఉంది, కానీ రిపబ్లిక్ డే ఇంకా 5:30 దాకా "నడుస్తోంది", అలారం మోగదు. రైలు పాయె.

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సిన లక్షణం ఇది: తెల్లవారుజామున మోగేవి సెలవు మొదటి రోజు మోగి, సెలవు అయిపోయిన మర్నాడు మోగకపోతే, సాయంత్రంవి మాత్రం సరిగ్గా ఉంటే, అది యూటీసీ గొడవే. మందు కూడా సులభమే. 5:30 లోపు మోగే అలారం దేనికైనా మీరు ఆధారపడితే, సెలవు ఈవెంట్‌ను రోజంతా అని కాకుండా 00:00 నుంచి 23:59 అని గంటలతో వేయండి. చూడ్డానికి క్యాలెండర్ కొంచెం అసహ్యంగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇలాంటిదే ఇంకోటి. రోజంతా ఉండే ఈవెంట్‌ను గూగుల్ క్యాలెండర్ మామూలుగా `Free` అని గుర్తిస్తుంది, అంటే ఆ టైమ్‌లో మీరు ఖాళీయే అని. మీ యాప్‌లో `Busy` ఈవెంట్లను మాత్రమే చూడు అన్న సెట్టింగ్ ఉంటే మీ సెలవులేవీ దానికి కనపడవు. అన్నీ మోగుతున్నాయంటే మొదట సింక్, తర్వాత ఇది చూడండి.

పరీక్షించడానికి పండగ దాకా ఆగక్కర్లేదు. ఈ రోజుకి "ఆఫీసు లేదు"లో ఒక ఈవెంట్ వేసి, టైమ్‌షీట్ రిమైండర్‌ని ఇంకో ఐదు నిమిషాల్లో మోగేలా పెట్టి చూడండి, ఆగాలి. ఈవెంట్ తీసేసి మళ్లీ చూడండి, మోగాలి. రెండో సగం చాలామంది చేయరు, కానీ ఆగడం కన్నా మళ్లీ మోగడమే ముఖ్యం. తెల్లవారుజాము అలారానికైతే ఏదైనా ఆదివారానికి ఒక దొంగ సెలవు వేసి, అలారం రోజుల్లో ఆ వారానికి మాత్రం ఆదివారాన్ని కూడా కలిపి, ఆదివారం, సోమవారం రెండు రోజులూ గమనించాలి. ఆ రెండు రోజులూ పక్కన మామూలు గడియారంలో ఇంకో అలారం ఉంచుకోండి.

ఇక సెలవుల తేదీలు ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి? గూగుల్‌లో భారతదేశ సెలవుల క్యాలెండర్ ఒకటి రెడీగా ఉంది, దాన్నే నేరుగా కలిపేస్తే పోలే అనిపిస్తుంది. వద్దు. అది దేశం మొత్తానిది. మన దగ్గర సెలవు కాని రోజులు అందులో ఉంటాయి, భోగి, కనుమ లాంటి మన రోజుల సంగతి దానికి పట్టదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా వచ్చే సంవత్సరపు సెలవుల జాబితా విడుదల చేస్తుంది, అందులో సాధారణ సెలవులు వేరు, ఐచ్ఛిక సెలవులు వేరు. ఐచ్ఛిక సెలవంటే కావాలన్నవాళ్లు తీసుకునేది, ఆఫీసు నడుస్తూనే ఉంటుంది, దాన్ని జాబితాలో వేయకూడదు. బ్యాంకుల జాబితా ఇంకోటి. ప్రైవేటు కంపెనీ అయితే హెచ్‌ఆర్ వాళ్లు పంపే జాబితానే లెక్క, అందులో ప్రభుత్వ సెలవుల్లో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి సంవత్సరం మొదట్లో ఒకసారి కూర్చుని మీ ఆఫీసు జాబితాను "ఆఫీసు లేదు"లో, బడి డైరీలో ఉన్న జాబితాను "బడి లేదు"లో చేత్తో ఎక్కించండి. అరగంట పని.

చేత్తో ఎక్కించినా రెండు రకాల రోజులు కదులుతూనే ఉంటాయి. రంజాన్, బక్రీద్, మొహర్రం నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి, ప్రభుత్వం సెలవును ఆఖర్లో మార్చడం మామూలే. రెండోది, జాబితాలో అసలు లేనివి. తుఫాను వస్తే కలెక్టర్ రాత్రికి రాత్రి బడులకి సెలవిస్తారు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఊరే ఆగిపోయింది. అదే ఏడాది మే 13న పోలింగ్ రోజు కూడా ఏ జాబితాలోనూ ముందు నుంచి లేదు. వీటిని ఏ ఏర్పాటూ దానంతటది పట్టుకోలేదు. కానీ "బడి లేదు" క్యాలెండర్‌ను భార్యాభర్తలిద్దరూ షేర్ చేసుకుంటే, బడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ ఎవరు ముందు చూస్తే వాళ్లు ఒక ఈవెంట్ వేస్తారు, రెండు ఫోన్లూ సర్దుకుంటాయి.

రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవం గురించి చిన్న మాట. సెలవే, కానీ జెండా వందనానికి పిల్లలు యూనిఫాం వేసుకుని పొద్దున్నే బడికి వెళ్లాలి. ఇంట్లోనే ఉండే సంవత్సరం అయితే "బడి లేదు"లో ఆ రెండు రోజుల ఈవెంట్లనూ పొద్దున 10 నుంచి మొదలయ్యేలా వేస్తే పిల్లల్ని నిద్రలేపేవి మోగుతాయి, బాక్సు, డైరీ మాత్రం ఉత్తినే మోగుతాయి. ఆ మాత్రం భరించొచ్చు, ఏడాదిలో రెండు రోజుల కోసం ఇంకో క్యాలెండర్ పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇప్పుడు ఈఎంఐ. రోజూ మోగే రిమైండర్ ఒక రోజు ఆగితే నష్టం లేదు, రేపు మళ్లీ మోగుతుంది. నెలకోసారి మోగేది ఆ ఒక్క రోజు ఆగితే ఇక వచ్చే నెలే. పైగా సెలవని బ్యాంకు ఈఎంఐ కోయకుండా ఉండదు. 2021 ఆగస్టు 1 నుంచి, ఖాతాల్లోంచి ఈఎంఐలు కోసే నాచ్ వ్యవస్థ ఆదివారాలతో సహా వారంలో అన్ని రోజులూ నడుస్తోంది, కాబట్టి 5వ తేదీ పండగైనా సరే మీ ఖాతాలోంచి పోవచ్చు. నెలవారీ, ఏడాదివారీ రిమైండర్లకి ఈ సెలవు షరతే పెట్టకండి. పెట్టాలనిపిస్తే, ఒకటి, రెండు, మూడు తేదీల్లో వరసగా మోగేలా పెట్టి, పని అయ్యాక మిగతావి కొట్టేసుకోండి. ప్రతి నెలా 20న జీఎస్టీఆర్-3బీ వేసేవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం, ఆ రోజు మీరు లీవులో ఉన్నా లేట్ ఫీజు లీవులో ఉండదు.

మాత్రల రిమైండర్‌ను టాస్కర్‌లో పెట్టనే వద్దు. ఫోన్‌తో వచ్చిన గడియారం యాప్‌లోనే ఉంచండి. ఎందుకంటే ఈ ఏర్పాటు చెడిపోయే దారులు రెండు, రెండూ ఒకలాంటివి కావు. క్యాలెండర్ చూసే అనుమతి పోయిందనుకోండి, టాస్కర్‌కి ఈవెంట్ ఏదీ కనిపించదు, మనం షరతును తిరగేసి పెట్టాం కాబట్టి అన్నీ మోగుతాయి, సెలవు రోజు కొంచెం విసుగు, అంతే. అదే బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌నే చంపేస్తే ఏదీ మోగదు, దాని గురించి మీకు ఏ కబురూ రాదు. కొన్ని కంపెనీల ఫోన్లు ఈ విషయంలో మరీ దూకుడు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో టాస్కర్‌కి అడ్డు తీసేసినా, అప్‌డేట్ వచ్చాక ఇంకోసారి చూసుకోండి.

ఆ నిశ్శబ్దాన్ని పసిగట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. రోజూ రాత్రి 9:30కి ఒక్క మెసేజ్ వచ్చేలా పెట్టుకోవడం: "రేపు ఆఫీసు లేదు, బడి ఉంది, ఇంట్లో ఉన్నాం" అని. టాస్కర్‌లో రేపటి ఈవెంట్లను చదవడానికి కొంచెం ఎక్కువ పని చేయాలి, అది కుదరకపోతే ఆ మూడు క్యాలెండర్లు కనిపించేలా క్యాలెండర్ విడ్జెట్‌ను హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నా సగం పని జరుగుతుంది. ఈ మెసేజ్ సెలవు రోజైనా, ఊళ్లో లేకపోయినా రావాలి, దానికి ఏ షరతూ ఉండకూడదు. అది రాని రాత్రి యాప్ చచ్చిందని అర్థం, పడుకునే ముందే గడియారంలో ఒక అలారం పెట్టేసుకోవచ్చు. సాయంత్రం మేనేజర్ ఫోన్ చేసి లీవు రద్దన్నాడనుకోండి, రాత్రి మెసేజ్‌లో "రేపు ఆఫీసు లేదు" అని కనపడగానే గుర్తొస్తుంది, 25వ తేదీ లీవు ఈవెంట్, ప్రయాణం మానుకుంటే ఇంట్లో లేమన్న ఈవెంట్ తీసేస్తే పొద్దున అలారం, సాయంత్రం టైమ్‌షీట్ రెండూ తిరిగొస్తాయి. తిరుపతి టికెట్ల సంగతి మాత్రం విడిగా చూసుకోవాలి.